సున్న లేని అంకెలతో లెక్క ఎందుకు కష్టమైంది? ఒక గుణకారం, ఒక భాగహారం ఆధారంగా విశ్లేషణ

సంక్షిప్తంగా: ప్రాచీన సంఖ్యా పద్ధతుల్లో చాలావాటికి సున్న లేకపోవడం లోపంగా కనిపించలేదు, ఎందుకంటే ఆ పద్ధతుల్లో అంకెలు ఫలితాన్ని నమోదు చేయడానికే పనికివచ్చేవి, లెక్క మాత్రం గులకరాళ్లతోనో పలక మీదనో జరిగేది. గుర్తు విలువ దాని స్థానాన్ని బట్టి మారే పద్ధతి వచ్చినప్పుడే ఖాళీ స్థానాన్ని చూపించే అవసరం పుట్టింది. ఆ ఖాళీని అంకెగా రాసి, మిగతా అంకెలతో పాటు దాన్ని కూడా కూడి, గుణించవచ్చని తేలిన తరువాత రాత, లెక్క రెండూ ఒకే పనిగా మారాయి.

రాయడానికి ఒకటి, లెక్కించడానికి మరొకటి

రోమన్ అంకెలతో లెక్కలు చేయడం అసాధ్యమని తరచుగా వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు. కూడిక విషయంలో రోమన్ పద్ధతి నేటి పద్ధతి కంటే సులువైనదని కూడా అనవచ్చు. రెండు సంఖ్యల గుర్తులనూ ఒక కుప్పగా పోసి, ఐదు I గుర్తులు చేరితే ఒక V గా, రెండు V గుర్తులు చేరితే ఒక X గా మార్చుకుంటూ పోతే కూడిక పూర్తవుతుంది. దీనికి ఏ ఎక్కమూ కంఠస్థం చేయనక్కరలేదు. చిక్కు మొదలయ్యేది గుణకారంతో, ముదిరేది భాగహారంతో.

204ను 36తో గుణించే లెక్కను తీసుకుందాం. లెక్కపలక మీద 4ను IV గా కాకుండా నాలుగు I గుర్తులుగానే పెడతారు కాబట్టి, చేయవలసిన గుణకారం CCIIII × XXXVI అవుతుంది. మొదటి సంఖ్యలోని ప్రతి గుర్తునూ రెండో సంఖ్యలోని ప్రతి గుర్తుతోనూ గుణించాలి. C ని X తో గుణిస్తే M. అటువంటి జతలు 6 ఉన్నాయి కాబట్టి 6 M లు వస్తాయి. C ని V తో గుణిస్తే D, అవి 2. C ని I తో గుణిస్తే C, అవి 2. ఇక నాలుగు I గుర్తుల వంతు: మూడు X లతో కలిసి 12 X లు, V తో కలిసి 4 V లు, చివరి I తో కలిసి 4 I లు వస్తాయి. మొత్తం 30 గుర్తులు పలక మీద పేరుకుంటాయి.

ఇప్పుడు మార్పిడి చేయాలి. 4 V లు 2 X లు అవుతాయి, అప్పుడు X లు 14 అవుతాయి. వాటిలో పది కలిసి ఒక C అవుతుంది, 4 X లు మిగులుతాయి. C లు 3 అవుతాయి. 2 D లు ఒక M అయి, M లు 7 అవుతాయి. ఏడు M లు, మూడు C లు, నాలుగు X లు, నాలుగు I లు, అంటే 7344. సమాధానం సరైనదే, పద్ధతిలో తప్పేమీ లేదు. పైగా ఏడు రోమన్ గుర్తులను జతలుగా గుణించడానికి గుర్తుంచుకోవలసిన ఫలితాలు 28 మాత్రమే. మన ఎక్కాల్లో 1 నుంచి 9 వరకు అంకెల జతలు 45 ఉంటాయి. కంఠస్థం చేసే భారం ఒక్కటే కొలమానమైతే రోమన్ పద్ధతే గెలుస్తుంది.

అయితే భారం మరోచోట ఉంది. రెండు చిన్న సంఖ్యలను గుణిస్తేనే 30 గుర్తులు పోగయ్యాయి. 888 అనే సంఖ్యను రాయడానికే DCCCLXXXVIII అని పన్నెండు గుర్తులు కావాలి. దాన్ని అటువంటి మరో సంఖ్యతో గుణిస్తే 144 జతలను ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఏ జత అయిపోయింది, ఏది మిగిలింది అన్నది లెక్కించేవాడి జ్ఞాపకం మీదే ఆధారపడుతుంది. గుర్తులను మార్చినప్పుడల్లా పాతవి పలక మీద నుంచి తొలగిపోతాయి కాబట్టి, సమాధానం తప్పని అనుమానం వస్తే వెనక్కి వెళ్లి చూడటానికి ఏమీ మిగలదు. మొత్తం లెక్క మళ్లీ చేయడం ఒక్కటే మార్గం.

భాగహారంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 7344ను 36తో భాగించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో రోమన్ రాత చెప్పదు. XXXVI ని ఎన్నిసార్లు తీసివేయవచ్చో అంచనా వేసి, పలక మీద తీసివేస్తూ పోవాలి. అంచనాను వందల్లో వేయాలా, పదుల్లో వేయాలా అన్నది అనుభవం చెప్పాల్సిందే. అందుకే ప్రాచీన, మధ్యయుగ ఐరోపాలో భాగహారం నేర్పరుల పనిగా ఉండేది.

సున్న అవసరమే లేని పద్ధతి

రోమన్ పద్ధతిలో సున్న కొరవడిందని అనడం కంటే, దానికి అక్కడ పని లేదని అనడం సరిగ్గా ఉంటుంది. CCIIII లో పదులు లేవు. లేనిదాన్ని రాయలేదు, అంతే. C ఎక్కడ ఉన్నా వందే కాబట్టి పదుల స్థానం ఖాళీగా ఉందని ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం రాదు.

మన దేశంలోని పాత బ్రాహ్మీ అంకెలదీ ఇదే దారి. మహారాష్ట్రలో జున్నర్ సమీపంలోని నానాఘాట్ కనుమ గుహలో, సాధారణంగా క్రీ.పూ. 2–1 శతాబ్దాల నాటిదిగా భావించే శాతవాహనుల శాసనం యజ్ఞాల్లో ఇచ్చిన దక్షిణలను అంకెలతో సహా నమోదు చేసింది. ఆ పద్ధతిలో 10కి ఒక గుర్తు, 20కి మరొకటి, 100కి ఇంకొకటి ఉంటాయి. 100 గుర్తుకు 4 గుర్తును తగిలిస్తే 400 అవుతుంది. 204 రాయాలంటే 200 గుర్తు, దాని పక్కన 4 గుర్తు చాలు. తెలుగులో నోటితో చెప్పేటప్పుడు ఇప్పటికీ ఇదే జరుగుతుంది: ‘రెండు వందల నాలుగు’ అంటాం, మధ్యలో సున్నను ఉచ్చరించం.

ఇటువంటి పద్ధతిలో రాత పొట్టిగానే ఉంటుంది, కాని ఎక్కాలు విస్తరిస్తాయి. గ్రీకుల అక్షర సంఖ్యల్లో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. వారు 1 నుంచి 9 వరకు తొమ్మిది, 10 నుంచి 90 వరకు తొమ్మిది, 100 నుంచి 900 వరకు తొమ్మిది, మొత్తం 27 అక్షరాలను వాడారు. 2ను 3తో గుణిస్తే 6 వస్తుందని తెలిసినవాడికి 20ని 30తో గుణిస్తే 600 వస్తుందన్నది రాతలో కనిపించదు, ఎందుకంటే 2కూ 20కీ, 6కూ 600కూ అక్షరాల్లో ఏ పోలికా లేదు. 27 గుర్తులకు జతలు 378. నిపుణులు వాటన్నిటినీ విడివిడిగా వల్లించేవారు కారు, మూల అంకెలకు తగ్గించుకుని చేసేవారు. కాని ఆ తగ్గింపు మనసులో జరగాలి, రాత ఏమీ సాయపడదు.

స్థానం ఉండి సున్న లేకపోతే

సున్న లేకపోవడం నిజంగా ఇబ్బంది పెట్టింది బాబిలోనియా లేఖకులను. క్రీ.పూ. 2000 ప్రాంతం నాటికే వారి దగ్గర స్థానవిలువ పద్ధతి ఉంది. మనం ఒక్కో స్థానానికి పదింతలు పెంచినట్టు వారు 60 రెట్లు పెంచేవారు. తడి మట్టి పలక మీద పుల్లతో నొక్కే రెండే గుర్తులు వాడేవారు: నిలువు ముద్ర 1కి, మూల ముద్ర 10కి. 1 నుంచి 59 వరకు ఏ సంఖ్యనైనా ఈ రెంటినీ గుంపుగా నొక్కి రాసి, ఆ గుంపులను పక్కపక్కన పేర్చేవారు.

ఇప్పుడు 124ను చూద్దాం. అది రెండు అరవైలు, నాలుగు ఒకట్లు. అంటే 2 గుంపు, దాని పక్కన 4 గుంపు. 7204 అయితే రెండు 3600లు, అరవైలు ఏమీ లేవు, నాలుగు ఒకట్లు. ఇది కూడా 2 గుంపు, 4 గుంపే. తేడా అల్లా మధ్యలో కాస్త ఎక్కువ ఖాళీ వదలడం. మట్టి మీద ఆ ఖాళీ ఎంత వెడల్పు ఉంటే ఒక స్థానమో కొలిచి చెప్పే నియమం లేదు. పలకను నకలు చేసే లేఖకుడు ఖాళీని గమనించకపోతే సంఖ్య 58 రెట్లకు పైగా తగ్గిపోతుంది.

చివరి స్థానాల సంగతి మరీ చిక్కు. ఒంటరిగా రాసిన 2 గుంపు 2 కావచ్చు, 120 కావచ్చు, 7200 కావచ్చు, రెండు అరవయ్యో వంతులు కూడా కావచ్చు. ఏది అన్నది సందర్భాన్ని బట్టి చదువుకోవాలి. ఆశ్చర్యమేమిటంటే గుణకారానికి ఇది అడ్డు రాలేదు. సంఖ్య పరిమాణం తెలియకపోయినా అంకెల వరుస సరిగ్గా వస్తుంది. 2ను 4తో గుణించినా 120ని 4తో గుణించినా పలక మీద పడేది 8 గుంపే. కూడిక దగ్గరే అసలు ఇరకాటం వస్తుంది. రెండు సంఖ్యలను కూడాలంటే ఒకట్ల కింద ఒకట్లు, అరవైల కింద అరవైలు రావాలి. ఏ గుంపు ఏ స్థానానిదో రాతే చెప్పకపోతే వాటిని వరుసపెట్టడం సాధ్యం కాదు. రోమన్లకు కూడిక తేలిక, గుణకారం కష్టం. బాబిలోనియాలో ఇది తలకిందులైంది.

క్రీ.పూ. 300 తరువాతి కాలపు ఖగోళ పలకల్లో మధ్య ఖాళీని చూపడానికి రెండు ఏటవాలు ముద్రలు కనిపిస్తాయి. అంటే 7204కు, 124కు మధ్య గందరగోళం తీరింది. కాని ఆ ముద్రను సంఖ్య చివర మామూలుగా వాడలేదు కాబట్టి 2కూ 120కీ తేడా లేకుండానే ఉండిపోయింది. అది విరామచిహ్నంలా పనిచేసింది. దాన్ని దేనికైనా కూడాలనీ, దేనితోనైనా గుణించాలనీ ఎవరూ అనుకోలేదు.

ఖాళీ గుర్తు అంకెగా మారడం

ఇక్కడ రెండు దశలను వేరు చేసి చూడాలి. మొదటిది, ఖాళీ స్థానం మధ్యలో వచ్చినా చివర వచ్చినా తప్పనిసరిగా గుర్తు పెట్టడం. ఈ దశకు శాసనాల సాక్ష్యం ఉంది. నేటి కంబోడియాలోని సాంబోర్ దగ్గర దొరికిన శాసనంలో శక సంవత్సరం 605 మధ్యలో చుక్కతో కనిపిస్తుంది, అది క్రీ.శ. 683 అవుతుంది. గ్వాలియర్ చతుర్భుజ ఆలయంలోని 876 నాటి శాసనంలో పూలతోటకు ఇచ్చిన భూమి కొలతల్లో 270, రోజూ సమర్పించవలసిన పూలదండల సంఖ్యగా 50 ఉన్నాయి. రెండింటిలోనూ సున్న చివర ఉంది. బాబిలోనియా లేఖకులు వదిలేసిన చోటే ఇక్కడ గుర్తు పడింది, దానివల్ల 27కూ 270కీ తేడా సందర్భం చూడకుండానే తెలుస్తుంది.

రెండో దశ, ఆ గుర్తును మిగతా అంకెల్లాగే లెక్కలో పాల్గొననివ్వడం. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో దీనికి నియమాలు రాశాడు. శూన్యాన్ని ఏ సంఖ్యకు కలిపినా ఆ సంఖ్య మారదు. శూన్యం నుంచి ధనాన్ని తీసివేస్తే ఋణం వస్తుంది. శూన్యంతో దేన్ని గుణించినా శూన్యమే. ఇవి తాత్విక వాక్యాల్లా కనిపించినా, రోజువారీ లెక్కలో వీటి పని చాలా చిన్నది, చాలా అవసరమైనది. అది చూడటానికి మళ్లీ 204 × 36 చేయాలి.

ముందు 6తో. ఆరు నాలుగులు 24. 4 రాసి 2 చేతిలో ఉంచుకోవాలి. తరువాత పదుల స్థానం: ఆరు సున్నలు సున్న, దానికి చేతిలోని 2 కలిపితే 2. తరువాత ఆరు రెండ్లు 12. వచ్చినది 1224. ఇప్పుడు 3తో గుణిస్తే 612, అది పదులది కాబట్టి చివర సున్న చేర్చి 6120. రెండూ కూడితే 7344.

పదుల స్థానం దగ్గర జరిగినదాన్ని కొంచెం ఆగి చూడాలి. అక్కడ సున్న స్థానంలో ఖాళీ మాత్రమే ఉండి ఉంటే, చేతిలోని 2 ఎక్కడ దిగాలో ప్రత్యేకంగా ఆలోచించాల్సి వచ్చేది. ‘ఖాళీ వస్తే ఇలా చెయ్యి’ అని వేరే నియమం కావాలి. సున్నను ఆరుతో గుణించవచ్చు, వచ్చిన సున్నకు 2 కలపవచ్చు అని ఒప్పుకున్నాక వేరే నియమం అక్కరలేదు. ప్రతి స్థానంలోనూ అదే పని: గుణించు, చేతిలోది కలుపు, ఒకట్ల అంకె రాయి, మిగిలినది పక్కకు పంపు. ఏ స్థానంలో ఏ అంకె ఉన్నా యాంత్రికంగా సాగే ఈ ఏకరూపతే పది అంకెల పద్ధతి అసలు బలం. 20 × 30 కోసం ప్రత్యేకంగా ఏదీ నేర్చుకోనక్కరలేదు. 2 × 3 తెలిస్తే మిగతాది సున్నలు చూసుకుంటాయి.

భాగహారం దగ్గర మాత్రం నియమాలు అంత తేలికగా కుదరలేదు. సున్నను సున్నతో భాగిస్తే సున్న అని బ్రహ్మగుప్తుడు అన్నాడు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సున్నతో భాగించినా సంఖ్య మారదని చెప్పాడు. ఈ రెండింటినీ నేటి గణితం అంగీకరించదు. 12వ శతాబ్దిలో రెండో భాస్కరాచార్యుడు దాన్ని అనంతంగా పరిగణించాడు. సున్నతో భాగహారానికి అర్థమే లేదని తేల్చి పక్కన పెట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అయితే దక్షిణలు, పన్నులు, వడ్డీలు లెక్కించేవారికి ఈ చర్చతో పని పడలేదు. మహావీరుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన రచన పద్యాల్లో సాగినప్పటికీ, అందులోని లెక్కలు స్థానవిలువ మీదే నడుస్తాయి.

హళ్ళి అనే రెండో సున్న

తెలుగువారి పాత భిన్నాల లెక్కలో ఈ విషయానికి ఒక విచిత్రమైన కొసరు ఉంది. పూర్ణాంకం తరువాతి భాగాన్ని నాలుగేసి వంతులుగా విడగొట్టేవారు: మొదట పావులు, తరువాత పావులో పావు అయిన వీసాలు, ఇలా కిందికి. పక్కపక్క స్థానాలు కలిసిపోకుండా గీతల దిశను మార్చి మార్చి వాడేవారు. ఖాళీ స్థానానికి కూడా రెండు గుర్తులుండేవి. పావుల స్థానం ఖాళీ అయితే హళ్ళి, వీసాల స్థానం ఖాళీ అయితే సున్న. ‘హళ్ళికి హళ్ళి సున్నకు సున్న’ అనే నానుడి ఈ లెక్కల భాషలోనిదే. ఖాళీని చూసి అది ఏ జాతి స్థానమో చెప్పగలిగే ఈ ఏర్పాటు, బాబిలోనియా పలకల్లో లేని జాగ్రత్త.

సున్న ఒక్కటే సరిపోలేదు

కొత్త అంకెలు వచ్చిన వెంటనే లెక్క మారిపోలేదు. మన దేశంలోనూ, అరబ్బు దేశాల్లోనూ మొదట ఈ లెక్కలను ధూళి పరిచిన పలక మీద చేసేవారు. అంకె మారినప్పుడల్లా పాతది చెరిపి కొత్తది రాసేవారు. అంటే స్థానవిలువ, సున్న రెండూ ఉన్నా, గులకరాళ్ల పలకకు ఉన్న ప్రధాన లోపం మిగిలిపోయింది: దారి చెరిగిపోతుంది, తప్పు వెతకలేము. 952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసి రాసిన గ్రంథం ఈ పద్ధతులను చెరపనక్కరలేకుండా కాగితం మీద సిరాతో చేసేలా మార్చింది. చేతిలో ఉంచుకునే అంకెను పైన రాయడం, పాక్షిక ఫలితాలను ఒకదాని కింద ఒకటి నిలపడం వంటి అలవాట్లకు ఇటువంటి మార్పులే పునాది. అప్పటి నుంచి లెక్క చేసినవాడే కాకుండా మరొకరు కూడా దాన్ని సరిచూడగలిగారు.

ఐరోపాలో 1202లో పీసా నగరానికి చెందిన లియొనార్డో, అంటే ఫిబొనాచ్చి, ఈ అంకెలను వర్తకుల లెక్కలతో పరిచయం చేశాడు. అయినా 1299లో ఫ్లోరెన్స్ నగరపు డబ్బు మార్పిడిదారుల సంఘం తమ ఖాతా పుస్తకాల్లో వాటిని నిషేధించింది. సున్నను కొద్దిగా దిద్దితే 6గానో 9గానో మారిపోతుందన్న భయాన్ని దీనికి ఒక కారణంగా చెబుతారు. రోమన్ సంఖ్యలో అటువంటి మోసం అంత తేలిక కాదు. నమోదుకు పాత పద్ధతి, లెక్కకు కొత్త పద్ధతి అనే విభజన చాలాకాలం నడవడానికి ఇదొక సహేతుకమైన కారణమే. నేటికీ బ్యాంకు చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించడం అదే జాగ్రత్త.

పోయిన సున్నను పట్టుకోవడం ఎలా

సున్న తెచ్చిన సౌకర్యంతో పాటు ఒక కొత్త రకం తప్పు కూడా వచ్చింది. రోమన్ సంఖ్యలో ఒక I జారిపోతే తేడా ఒకటే. పది అంకెల పద్ధతిలో ఒక సున్న జారిపోతే దాని ఎడమవైపున్న అంకెలన్నీ పదో వంతుకు పడిపోతాయి. ఇది ఎక్కువగా జరిగేది భాగహారంలో. 7344ను 36తో భాగించేటప్పుడు 73లో 36 రెండుసార్లు పోయి 1 మిగులుతుంది. 4ను దించితే 14. అందులో 36 ఒక్కసారి కూడా పోదు. ఇక్కడ భాగఫలంలో 0 రాసి, తరువాతి 4ను దించి 144 చేయాలి. అందులో 36 నాలుగుసార్లు పోతుంది. తొందరలో ఆ సున్న రాయకుండా నేరుగా 144కు వెళ్లినవారికి 204కు బదులు 24 వస్తుంది. శేషం మాత్రం సున్నగానే ఉంటుంది కాబట్టి లెక్క చక్కగా ముగిసినట్టే కనిపిస్తుంది.

పూర్వం నుంచి ప్రసిద్ధమైన తొమ్మిదుల పరీక్ష ఈ తప్పును పట్టలేదు. ఆ పరీక్షలో సంఖ్యలోని అంకెలను కూడి చూస్తారు. 204లోని అంకెల మొత్తం 6, 24లోనిదీ 6. సున్న ఉన్నా లేకపోయినా మొత్తం మారదు కాబట్టి ఈ పరీక్ష సున్న విషయంలో గుడ్డిది. పదకొండుల పరీక్ష నయం, అందులో కుడి నుంచి ఒక అంకెను కలిపి తరువాతి దాన్ని తీసివేస్తారు. 204కు 4 − 0 + 2 = 6 వస్తుంది, 24కు 4 − 2 = 2 వస్తుంది. 36కు 6 − 3 = 3. భాగఫలం 204 అయితే 6 × 3 = 18, దాన్నుంచి 11 తీసివేస్తే 7. 7344కు 4 − 4 + 3 − 7 = −4, దానికి 11 కలిపితే 7. రెండూ సరిపోయాయి. 24తో అయితే 2 × 3 = 6 వస్తుంది, 7తో సరిపోదు, తప్పు బయటపడుతుంది. కాని 2004కు బదులు 24 రాసినట్టుగా పక్కపక్కనున్న రెండు సున్నలు పోతే మిగతా అంకెల కూడిక, తీసివేత గుర్తులు మళ్లీ యథాస్థానానికి వస్తాయి కాబట్టి పదకొండుల పరీక్ష కూడా దాటిపోతుంది. అప్పుడు పనికివచ్చేది స్థానాల లెక్క ఒక్కటే. విభాజ్యంలోని 73 దగ్గర మొదటి అంకె పడింది, దాని తరువాత దించవలసినవి ఇంకా రెండు అంకెలున్నాయి. కాబట్టి భాగఫలంలో మూడు అంకెలు ఉండి తీరాలి.